గ్రూప్ మూసేస్తున్నాం, ఫోటోలు ఎవరివి?

"మాది 2000 పదో తరగతి బ్యాచ్. పాతికేళ్లయిందని డిసెంబరులో కలుసుకున్నాం. దానికోసం నేను పెట్టిన వాట్సాప్ గ్రూపులో 86 మంది ఉన్నారు. ఇక మూసేద్దామనుకుంటున్నా. అందరూ పెట్టిన ఫోటోలు దాచి, ఊళ్లో షాపుల ప్రకటనలతో ఒక పుస్తకం వేసి అమ్ముదామని కొందరి ఆలోచన. ఒక క్లాస్‌మేట్ తన ఫోటో వెయ్యొద్దంటోంది. మిగిలిన డబ్బు లెక్క చెప్పమని ఇంకొకతను గొడవ. అడ్మిన్‌గా నా మీదకేమైనా వస్తుందా?" – ఓ పాఠకుడు, తెనాలి

ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. గ్రూపు మూసెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే అడ్మిన్ అంటే సభ్యుల్ని చేర్చగలవాడు, తీసెయ్యగలవాడు, అంతే. గ్రూపులో పడిన ఫోటోలకు యజమాని కాదు. మీరు అడిగిన మిగతా విషయాలన్నీ ఈ తేడా దగ్గరే తేలతాయి.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫోటో తీసినవాళ్లే దాని కర్త. మామూలుగా హక్కు కూడా వాళ్లదే. ఫోటోలో ఉన్నవాళ్లదీ కాదు, ఫోను ఎవరిదైతే వాళ్లదీ కాదు. మీ ఫోనుతో మీ స్నేహితుడు తీసినా హక్కు అతనిదే. గ్రూపులో పెట్టినంత మాత్రాన ఆ హక్కు వదులుకున్నట్టు కాదు. చూసుకోండి, దాచుకోండి అని ఇచ్చినట్టే అనుకోవాలి. సొంత వాడకానికి కాపీ ఉంచుకోవడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ కూడా తప్పు పట్టదు. కాబట్టి 86 మందిలో ఎవరైనా ఆ ఫోటోల్ని తమ ఫోనులోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచుకోవచ్చు. దీనికి ఎవరినీ అడగక్కర్లేదు.

షాపుల ప్రకటనలు తీసుకుని, పుస్తకానికి వెల కట్టి అమ్మితే మాత్రం అది సొంత వాడకం కిందికి రాదు. అప్పుడు ఫోటో తీసిన ప్రతి ఒక్కరి అనుమతీ రాతపూర్వకంగా ఉండాలి. దీనికి స్టాంపు పేపరు అవసరం లేదు. హక్కునే పూర్తిగా బదిలీ చేసుకోవాలంటే సంతకం కావాలి గానీ, వాడుకోవడానికి అనుమతి ఇవ్వడానికి రాత ఉంటే చాలు. "నేను గ్రూపులో పెట్టిన, నేను తీసిన ఫోటోలను మన బ్యాచ్ పుస్తకంలో ఒక్కసారి ముద్రించడానికి ఒప్పుకుంటున్నాను" అని వాళ్లే గ్రూపులో ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది. మీరు మెసేజ్ పెట్టి, రెండు రోజుల్లో ఎవరూ కాదనకపోతే సరే అనుకుంటాం అనొద్దు. మౌనాన్ని అనుమతి కింద లెక్క వెయ్యలేం. బొటనవేలి ఎమోజీ పెట్టినా, దేనికి పెట్టారో తరువాత వాదన లేస్తుంది.

డబ్బిచ్చి ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకుని ఉంటే ఆ ఫోటోల సంగతి వేరు. డబ్బు తీసుకుని, మీరు అడిగితే తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. 17వ సెక్షన్‌లో ఈ మాట ఉంది. అయితే బుకింగ్ రోజు మీరు ఒప్పుకున్న కాగితం ఒకసారి తీసి చదవండి. హక్కు స్టూడియోదే అని అందులో ఉంటే అది పనిచేస్తుంది.

ఇక మీ క్లాస్‌మేట్ మాట. ఆమె ఫోటో వేరేవాళ్లు తీస్తే కాపీరైట్ ఆమెది కాదు, నిజమే. అయినా తన వ్యక్తిగత జీవితం మీద ఆమెకు హక్కుంది. ఒకరి సొంత సంగతులను వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించకూడదని సుప్రీంకోర్టు 1994లోనే రాజగోపాల్ కేసులో చెప్పింది. కొత్త డేటా రక్షణ చట్టం, 2023 కూడా ఒక మనిషి తన సొంత, ఇంటి పనులకు వాడుకునే సమాచారాన్ని మినహాయించింది. ప్రకటనలతో అమ్మే పుస్తకానికి ఆ మినహాయింపు ఉందని వాదించడం కష్టం. ఆమె కారణం చెప్పకపోయినా అడగకండి. ఆమె ఒక్కతే ఉన్న ఫోటోలు తీసెయ్యండి, గుంపు ఫోటోల్లో ఆమె లేనివి ఎంచుకోండి. 86 మంది కలిసి దిగిన ఫోటో ఒక్కటి తప్పనిసరైతే, దాన్ని ఆమెకు చూపించి విడిగా అడగండి.

నా దగ్గరికి వచ్చిన ఒకామె సంగతి చెప్పాలి. అన్న షష్టిపూర్తి గ్రూపు మూసేశాక, ఫోను నా బల్ల మీద పెట్టి చూపించింది. వరసగా మసక చతురస్రాలు, ఒక్కోదాని మీద కిందికి బాణం గుర్తు. నొక్కితే రావడం లేదు. ఆమె వాటిని ఎప్పుడూ డౌన్‌లోడ్ చేసుకోలేదు. డౌన్‌లోడ్ చేయని ఫోటో వాట్సాప్ సర్వర్లో ఎల్లకాలం ఉండదు. పంపినవాళ్లు మళ్లీ పంపాల్సిందే. అప్పటికి పంపిన మేనల్లుడు ఫోను మార్చేశాడు. చట్టం దగ్గర దీనికి మందు లేదు. అందుకే మూసే ముందు పదిహేను రోజులు గడువు చెప్పండి. ఆ పదిహేను రోజుల్లో గ్రూపులో పాత మెసేజుల దాకా పైకి జరుపుకుంటూ వెళ్లి, డౌన్‌లోడ్ కాని ఫోటోలు నొక్కుకోమని అందరికీ చెప్పండి. పుస్తకంలో వేసేవి మాత్రం తీసినవాళ్లనే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటో సైజు తగ్గించేస్తుంది, అచ్చులో ముఖాలు చెదిరిపోతాయి. ఇలా అడగడంలో ఇంకో లాభం ఉంది. ఏ ఫోటో ఎవరు తీశారో అక్కడే తేలిపోతుంది. గ్రూపులో పెట్టినవాళ్లు వేరు, తీసినవాళ్లు వేరు కావడం మామూలే.

లెక్కల గొడవ తేలేదాకా మాత్రం మీ ఫోనులో ఆ చాట్ చెరపకండి. ఎవరు ఎంత కట్టారు, క్యాటరింగ్‌కి ఎంత ఇచ్చారు అన్నదానికి అదే మీకు సాక్ష్యం. డబ్బు వసూలు దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది, అంతకాలం ఉంచండి. Export chat నొక్కి మెయిల్‌కి ఒక కాపీ పంపుకోండి, కానీ పాత మెసేజులన్నీ అందులో వస్తాయని నమ్మొద్దు. అసలు చాట్ ఉన్న ఫోను కూడా ముఖ్యమే. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అప్పుడు అది ఏ పరికరం నుంచి వచ్చిందో చెప్పాల్సి వస్తుంది. కోర్టులో సాక్ష్యంగా రాకుండా చెయ్యాలని కావాలని చెరిపితే అది భారతీయ న్యాయ సంహిత 241 కింద నేరం. ఆ లెక్క అడిగే ఆయనకు వచ్చిందీ పోయిందీ ఒక కాగితం మీద రాసి, బిల్లుల ఫోటోలతో గ్రూపు బతికి ఉండగానే అందరి ముందూ పెట్టండి. అదే మీకు మంచిది.

మూసే రోజు మీరొక్కరే బయటికి వెళ్లిపోకండి. మీరే ఏకైక అడ్మిన్ అయితే వాట్సాప్ మిగిలినవాళ్లలో ఒకరిని అడ్మిన్ చేస్తుంది, గ్రూపు మీ చెయ్యి దాటిపోతుంది. ముందు మెసేజులు అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చి, చివరి మెసేజ్ పెట్టి, ఒక్కొక్కరిని తీసేసి, ఆఖరున మీరు బయటికి రండి. తీసేసినా వాళ్ల ఫోనుల్లో ఉన్న పాత చాట్, దించుకున్న ఫోటోలు అలాగే ఉంటాయి. మీ క్లాస్‌మేట్‌కి ఇది కూడా ముందే చెప్పండి. గ్రూపు పోయింది కాబట్టి ఆ ఫోటో అందరి దగ్గరా పోయిందని ఆమె అనుకోకూడదు. ఆ చివరి మెసేజ్‌లో ఆమె పేరెత్తకుండా, "వద్దన్నవాళ్ల ఫోటోలు దయచేసి మీ ఫోనుల్లోంచి కూడా తీసెయ్యండి, ఎవరికీ పంపకండి" అని ఒక్క వాక్యం రాయండి.