చందమామ మీద మచ్చలు: మా మనవరాలికి రాసిన ఉత్తరం

ప్రశ్న: మా పాప చందమామలో నల్లమచ్చలు ఎందుకున్నాయని రోజూ అడుగుతోంది. మనం కుందేలంటాం, వేరే దేశాల్లో వేరే కథలు చెప్తారంట. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలకి ఏం చెప్పారు, ఎలా చెప్పారు?

మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా, ఆంధ్రా బోర్డర్ పక్కనే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మా మనవరాలు హైదరాబాద్‌లో ఉంటుంది, తొమ్మిదేళ్ళు. కిందటేడు క్లాసులో ఎవరో "కుందేలూ లేదు ఏమీ లేదు, అదంతా లావా, మీ మామ్మ అబద్ధం చెప్పింది" అన్నారంట, ఫోన్లో ఒకటే ఏడుపు. ఫోన్లో చెప్తే తెగే సంగతి కాదని కాగితం మీద రాసి పోస్టు చేశాను. ఆ ఉత్తరమే ఇక్కడ టైపు చేస్తున్నాను, ఇంటి విషయాలు తీసేసి.

బుజ్జమ్మా,

నీ ఫ్రెండ్ చెప్పింది నిజమే తల్లీ, అది లావాయే. అలాగని మామ్మ అబద్ధం చెప్పిందని కాదు, ఎందుకో చెప్తాను, నెమ్మదిగా చదువు.

చందమామ చిన్నప్పుడు, అంటే వందల కోట్ల ఏళ్ళ కిందట, పేద్ద పేద్ద రాళ్ళు ఆకాశంలోంచి వచ్చి గుద్దుకుని దానికి గుంతలు పడ్డాయి. కొండలంత రాళ్ళు. తర్వాత చాలా కాలానికి లోపలున్న కరిగిన రాయి పగుళ్ళలోంచి పైకొచ్చి ఆ గుంతల్లో నిండింది. నువ్వు వేసవి సెలవలకి వచ్చినప్పుడు సొట్టపడిన పళ్ళెంలో అంబలి పోస్తే అది పల్లంలోకి చేరి సాపుగా పరుచుకుని పైన గట్టిపడేది చూసావు కదా, అలాగే. ఆ రాయిలో ఇనుము ఎక్కువ, అందుకని నల్లగా ఉంటుంది, చుట్టుపక్కల పాత నేల తెల్లగా కనిపిస్తుంది. 1969లో అమెరికా వాళ్ళు దిగి తెచ్చిన రాళ్ళు ఆ నల్లచోటు నుంచి తెచ్చినవే, వాటి వయసు 300 కోట్ల ఏళ్ళ పైమాటే అని తేలింది.

రెండు తప్పుమాటలు చెప్పేవాళ్ళు ఉంటారు, వాటిని మాత్రం నమ్మకు. ఒకటి, ఆ మచ్చలు భూమి నీడ అని. నీడైతే పున్నమి రోజు ఉండకూడదు కదా, గ్రహణం అప్పుడే భూమి నీడ దాని మీద పడుతుంది, మచ్చలు మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటాయి. రెండోది, మచ్చలంటే ఎగుడుదిగుడు గోతులని. అదీ కాదు, చందమామ మీద అన్నిటికంటే చదునుగా ఉన్న నేల ఆ నల్లమచ్చలే, లావా వచ్చి సాపు చేసేసింది. అమెరికా వాళ్ళు మొదటిసారి అక్కడ దిగడానికి ఒక కారణం అదే.

ఇప్పుడు అసలు సంగతి. చందమామ ఎప్పుడూ మనకి ఒకే మొహం చూపిస్తాడు. మన చుట్టూ ఒక్కసారి తిరగడానికి ఎంత టైము పడుతుందో తన చుట్టూ తాను తిరగడానికీ అంతే, 27 రోజుల పైచిలుకు. అందుకే వీపు ఎవరికీ కనపడదు. 1959లో రష్యా వాళ్ళు పంపిన లూనా-3 ఫోటో తీసే దాకా మనుషులెవరూ ఆ వైపు చూడలేదు, చూస్తే అక్కడ మచ్చలు దాదాపు లేవు! మనవైపే మచ్చలు. దానర్థం ఏంటో ఆలోచించు. బుద్ధుడి కాలంలో మన దేశంలో ఒక పిల్ల, మెక్సికోలో ఒక పిల్ల, చైనాలో ఒక పిల్ల, మంచు దేశంలో ఒక పిల్ల, అందరూ చూసింది అచ్చంగా ఒకటే బొమ్మ. బొమ్మ ఒకటే, పేరు ఎవరికి వాళ్ళు పెట్టుకున్నారు.

ఆ పేర్లు చూస్తే కథలు రెండు రకాలుగా కనిపిస్తాయి నాకు. కొందరు "అదేంటి?" అని అడిగారు. వాళ్ళకి కుందేలో, ముసలమ్మో, కట్టెలమోపు ఎత్తుకున్న మనిషో కనిపించారు. ఇంకొందరు "అంత తెల్లని మొహం ఎందుకు మాసింది?" అని అడిగారు. మేఘాలయలో ఖాసీ వాళ్ళు సూర్యుడు అక్క, చందమామ తమ్ముడు అంటారు, తమ్ముడు చేయరాని పని చేయబోతే అక్క మొహాన బూడిద కొట్టిందని, ఆ బూడిదే మచ్చలని. ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర మంచులో ఉండే ఇన్యూట్ వాళ్ళు కూడా అలాంటి కథే చెప్తారు, అక్కడ బూడిద బదులు మసి. ఈ రెండు జనాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు, అయినా ఎంత దగ్గర కథో చూడు.

మెక్సికో కథలో రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబు. మొదట చందమామ కూడా సూర్యుడంత మెరిసేవాడంట, ఇద్దరు సూర్యుళ్ళు ఉంటే ఎలాగని దేవతల్లో ఒకడు ఒక కుందేలుని పట్టుకుని వాడి మొహం మీదికి విసిరికొట్టాడంట, దాంతో వెలుగు తగ్గింది, కుందేలు గుర్తు ఉండిపోయింది.

మన కుందేలు కథ వేరు. జాతక కథల్లో ఉంది, నేను నీకు చెప్పేదాన్ని గుర్తుందా? కోతి, నక్క, నీరుపిల్లి, కుందేలు నలుగురు స్నేహితులు. ఇంద్రుడు బ్రాహ్మడి వేషంలో వచ్చి ఆకలంటే మిగతావాళ్ళు దొరికింది పెట్టారు, కుందేలు దగ్గర గడ్డి తప్ప ఏముంది? మంట వెయ్యమని, తననే తినమని దూకబోయింది. దూకే ముందు ఒక పని చేసింది, అది నువ్వు మర్చిపోకూడదు: మూడుసార్లు ఒళ్ళు దులుపుకుంది, బొచ్చులో పురుగులుంటే తనతో పాటు కాలిపోకూడదని. మంట కాల్చలేదు. ఇంద్రుడు కొండని పిండి ఆ రసంతో చందమామ మీద కుందేలు బొమ్మ గీశాడు, లోకమంతా కలకాలం చూడాలని. మన భాషలో చంద్రుణ్ణి శశాంకుడు అంటాం కదా, శశం అంటే కుందేలు, అంకం అంటే గుర్తు. మన పేర్లలోనే కుందేలు కూర్చుని ఉంది.

చైనా, జపాన్ వాళ్ళకీ కుందేలే, కానీ దాని ముందు రోలు ఉంటుంది. చైనాలో మందు దంచుతుంది, జపాన్‌లో మోచి అనే జిగురు బియ్యం ముద్ద దంచుతుంది. చైనా వాళ్ళు 2013లో చందమామ మీదికి ఒక బండి పంపి దానికి ఆ కుందేలు పేరే పెట్టారు, యూటూ అని, అది దిగింది కూడా కుందేలు ఒంటి మీదే!

ఇంక నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట. కుందేలు ఎక్కడుందో చాలామందికి కనపడదు, ఎందుకంటే తప్పు టైములో చూస్తారు. కుమార పున్నమి రోజు, అదే ఆశ్వయుజ పౌర్ణమి, మన పక్కింటి ఒడియా పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని సాయంత్రం జొహ్నొమాముకి పేలాలు, అరటిపండు, బెల్లం, కొబ్బరి కలిపి చాంద చకటా నైవేద్యం పెడతారు (మనకి చందమామ, వాళ్ళకి జొహ్నొమాము, ఇద్దరికీ మేనమామే). వాళ్ళు చూసేది చందమామ అప్పుడే తూర్పున పైకొచ్చే వేళ. కుందేలు సరిగ్గా కూర్చుని కనపడేది ఆ వేళే.

ఎలా వెతకాలో చెప్తాను. ముందు మిగతా మచ్చలతో కలవకుండా విడిగా ఉన్న చిన్న గుండ్రని మచ్చ ఒకటి చూడు, బొట్టులాగా ఉంటుంది, అంచుకి దగ్గరగా. దాని పేరు మేరె క్రిసియం, చిన్నదిగా కనపడుతుంది కానీ 500 కిలోమీటర్ల పైనే వెడల్పు. ఉదయించేటప్పుడు ఆ బొట్టు పైన, కొంచెం కుడి పక్కకి ఉంటుంది. దాని కిందే కుందేలు తల. తలలోంచి రెండు చెవులు కుడివైపుకి. ఎడమవైపు నుంచి కిందకి వంగిన వీపు, పెద్ద ఒళ్ళు. అమెరికా వాళ్ళు మొదటిసారి దిగింది ఆ తలలోనే.

రాత్రి నడినెత్తికి వచ్చినప్పుడు మేడ మీద ఉత్తరానికి తలపెట్టి పడుకుని చూడు (నిద్రపోయేటప్పుడు అలా పడుకోకూడదంటారులే, చూడ్డానికి పర్వాలేదు). కుందేలు తల కుడికి, అంటే పడమటికి తిరిగి ఉంటుంది. తెల్లారుజామున 5 గంటలకి లేచి పడమర వైపు చూస్తే బొట్టు కిందకి వచ్చేస్తుంది, కుందేలు తలకిందులు! దానికి తల ఎప్పుడూ ముందే, పైకొచ్చేటప్పుడు తలతో వస్తుంది, దిగేటప్పుడు చెరువులోకి దూకినట్టు తలతో దిగుతుంది. చందమామ ఏమీ తిరగలేదు, మనం భూమితో పాటు తిరిగి వేరే వైపు నుంచి చూస్తున్నాం.

మన ఊరు భూమధ్యరేఖకి దగ్గర, 19 డిగ్రీలు. అందుకే మనకి రాత్రంతా కలిపి బొమ్మ 140 డిగ్రీల దాకా తిరుగుతుంది, దాదాపు బోర్లా పడ్డట్టే. లండన్‌లో ఉన్నవాళ్ళకి అందులో సగం మాత్రమే తిరుగుతుంది, ఎప్పుడు చూసినా కొంచెం అటో ఇటో వాలి ఉంటుందంతే. వాళ్ళు కట్టెలమోపుతో నిలబడ్డ మనిషి అన్నారు, నిలబడ్డట్టు కనపడటానికి ఇదీ ఒక కారణమేమో అనిపిస్తుంది నాకు. మెక్సికో సిటీ ఎక్కడుందో నీ గ్లోబు మీద వేలుపెట్టి చూడు. 19 డిగ్రీలే! భూమికి అవతలి పక్కనున్న ఆ ఊళ్ళో కూడా కుందేలు మన దగ్గర కూర్చున్నట్టే కూర్చుంటుంది. అక్కడివాళ్ళకి మన కథ తెలీదు, మనకి వాళ్ళ కథ తెలీదు, ఇద్దరం కుందేలే అన్నాం. న్యూజీలాండ్ వాళ్ళు చూస్తే అర్ధరాత్రి బొమ్మ మనకి కనపడే దానికి తిరగేసి ఉంటుంది. వాళ్ళ మావోరీ కథలో కుందేలు లేదు, రోనా అనే ఆవిడ రాత్రి నీళ్ళకి వెళ్తుంటే చంద్రుడు మబ్బు చాటుకి వెళ్ళాడు, కాలికి ఏదో తగిలి పడబోయి తిట్టింది, ఆయనకి కోపమొచ్చి నీళ్ళ బుర్రతో సహా ఎత్తుకుపోయాడు. ఆవిడ పట్టుకున్న చెట్టు కూడా వేళ్ళతో సహా ఊడి వచ్చేసిందంట.

ఈ పున్నమికి మీ మేడ ఎక్కి సాయంత్రం ఒకసారి, తెల్లారుజామున ఒకసారి చూడు. బొట్టు ఎటుందో కాగితం మీద గుండ్రం గీసి పెట్టుకో, రెండు బొమ్మలు పక్కపక్కన. మీ ఫ్రెండ్‌ని కూడా పిలువు, లావా సంగతి తను చెప్తుంది, కుందేలు ఎటు కూర్చుందో నువ్వు చెప్పు.

మామ్మ

ఉత్తరం అంతే. పున్నమి మర్నాడు 5 దాటిందో లేదో ఫోను మోగింది, ఇంత పొద్దున్నే ఏమైందోనని కంగారుగా ఎత్తితే అవతల గుసగుసగా, వాళ్ళ అమ్మ లేవకుండా, "మామ్మా, బొట్టు కిందకొచ్చేసింది. చెవులు నీళ్ళల్లో పెట్టింది" అంది.