మధ్య నంబరు కాదు, సున్నా ఎంత దూరంలో ఉందో చూడండి

"మా జిన్నింగ్ మిల్లు పెంచుదామనుకుంటున్నాం. రిపోర్టులో బెస్ట్, బేస్, వరస్ట్ అని మూడు ఎన్‌పీవీలు వచ్చాయి. బేస్ ప్లస్‌లోనే ఉంది. దాన్ని నమ్మి ముందుకు పోవచ్చా?"

బేస్ ప్లస్‌లో ఉందని మాత్రం సంతకం పెట్టకండి. పరకాల వైపు మా బావ మిల్లుకి ఇలాంటి లెక్కే నేను దగ్గరుండి వేయించాను కాబట్టి చెప్తున్నా.

కొత్త షెడ్డు, జిన్నింగ్ మెషిన్లు కలిపి పెట్టుబడి 3 కోట్లు. ఏడేళ్ల లెక్క, డిస్కౌంట్ రేటు 14 శాతం, పన్ను పక్కన పెట్టాం. బేస్‌లో ఏటా అదనంగా 12,000 బేళ్లు, కరెంటూ కూలీ పోగా బేలుకి 1,000 రూపాయలు, స్థిర ఖర్చులు 40 లక్షలు. ఏటా మిగిలేది 80 లక్షలు. ఆ ఏడేళ్ల మిగులుని ఈ రోజు విలువకి తెచ్చి పెట్టుబడి తీసేస్తే వచ్చేదే ఎన్‌పీవీ, అది ప్లస్ 43 లక్షలు. మొదట వచ్చిన రిపోర్టులో వరస్ట్ అంటే అన్నీ ఐదు శాతం తగ్గించడమే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బ్యాంకు ఫైలు నింపడానికి రాసే వరస్ట్ అది. దానికి పత్తితో సంబంధం లేదు.

మిల్లు ఆఫీసులో కూర్చుని బావని అడిగాను: "పంట తగ్గిన ఏడు మార్జిన్ అన్నా నిలబడతదా బావా?"

"యాడ నిలబడతది? ఉన్న పత్తి కోసమే మిల్లులన్నీ ఎగబడతయి. రేటు మనమే పెంచుకుంటం."

అదీ అసలు వరస్ట్. ఒక బేలు 170 కిలోలు, దానికి సుమారు 5 క్వింటాళ్ల పత్తి కావాలి. 12,000 బేళ్లంటే 60,000 క్వింటాళ్లు మన గేటు దాటి లోపలికి రావాలి. అక్టోబరు వానకి పత్తి తడిసినా, దిగుబడి పడిపోయినా బేళ్లూ మార్జినూ కలిసే తగ్గుతాయి. అందుకే వరస్ట్‌లో 8,000 బేళ్లు, బేలుకి 800 వేశాం. ఎన్‌పీవీ మైనస్ కోటీ 97 లక్షలు. బెస్ట్‌లో 16,000 బేళ్లు, 1,200 వేస్తే ప్లస్ 3 కోట్ల 52 లక్షలు.

ఇది చూసి మా వాళ్లలో ఒకాయన 25-50-25 శాతం చొప్పున సగటు కట్టి ప్లస్ 60 లక్షలని తేల్చాడు. ఆ శాతాలు ఎక్కడివని అడిగితే జవాబు లేదు. ఆ సగటు బేస్ కన్నా అందంగా కనిపిస్తుంది, కోటీ 97 లక్షల గుంతని కప్పేస్తుంది. మిల్లు కట్టేది ఒక్కసారి. పోతే సగటు రాదు, మొత్తం పోతుంది.

సగటుకి బదులు, బేస్ నుంచి ఎంత పడితే ఎన్‌పీవీ సున్నా అవుతుందో చూడండి. మార్జిన్ 1,000 దగ్గరే ఉందనుకున్నా ఆ గీత సుమారు 11,000 బేళ్ల దగ్గర ఉంది. అంటే ఎనిమిది శాతం పత్తి తక్కువొస్తే చాలు, ప్లస్ ఆవిరి. వరంగల్ చుట్టుపక్కల పత్తి రాక ఒక ఏడుకీ ఇంకో ఏడుకీ ఎంత ఊగుతుందో ఏనుమాముల మార్కెట్‌కి బళ్లు తోలేవాళ్లని అడిగినా చెప్తారు. మీ షీట్‌లో ఆ దూరం ఎంతో ముందు కొలవండి.

ఇంకో సంగతి. వరస్ట్ దేనివల్ల వచ్చిందో కూడా పక్కన రాసుకోండి. వాన వల్లయితే ఏడేళ్లూ అలాగే ఉండదు, అంత లోతైన మైనస్ నిజం కాదు. కానీ పక్క మండలంలో రెండు కొత్త మిల్లులు లేస్తే అది పోయే కష్టం కాదు. చెడ్డ ఏళ్లు ముందే వస్తే దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది: మొదటి రెండేళ్లు వరస్ట్, మిగతా అయిదేళ్లు బేస్ అని వేసినా మైనస్ 49 లక్షలు తేలింది.

చివరికి మేం షెడ్డు మొత్తం కట్టి, మెషిన్లు సగమే పెట్టే లెక్క వేశాం. పెట్టుబడి 2 కోట్లు, స్థిర ఖర్చులు 25 లక్షలు, సామర్థ్యం 8,000 బేళ్లు. అంత పత్తి చెడ్డ ఏడు కూడా వస్తుంది. బేస్ ప్లస్ 36 లక్షలు, వరస్ట్ మైనస్ 33 లక్షలు, బెస్ట్ ప్లస్ కోటీ 4 లక్షలు. బేస్‌లో 7 లక్షలు వదులుకుంటే కింది గుంత కోటిన్నరకి పైగా పూడింది. పైన పోయిన రెండున్నర కోట్లలో కొంతైనా, పత్తి బాగా వస్తున్నప్పుడు మిగతా మెషిన్లు దింపి రాబట్టుకోవచ్చు. బావ దీనికే ఒప్పుకున్నాడు. మీ రిపోర్టు రాసేవాళ్లతో ఈ సగం మెషిన్ల లెక్క కూడా వేయించండి, మూడు నంబర్లనీ పూర్తి విస్తరణ నంబర్ల పక్కన పెట్టి చూడండి.