పక్క ఫొటో, వెనుక ఫొటో చూసి ఎద్దును అంచనా వేయడం

ప్రశ్న: జనగామ వైపు ఒక ఎద్దు అమ్మకానికి ఉంది. వాట్సాప్‌లో పక్క నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి ఫొటో పంపారు. పత్తిలో గుంటుక తోలడానికి కావాలి. ఈ రెండు ఫొటోలతో పనికొస్తుందో లేదో తేలుతుందా?

జవాబు: కొనవచ్చని తేలదు కానీ, వద్దని చాలాసార్లు తేలుతుంది. మాది పరకాల దగ్గర ఊరు. అంగడికి పోయే ముందు మేమూ ఇలాగే ఫొటోలు తెప్పించుకుంటాం.

అందరూ మూపురం, కొమ్ములు చూస్తారు. నేను ముందు వెనుక కాళ్లు చూస్తాను, ఎందుకంటే బరువును ముందుకు నెట్టేది అవే. పక్క ఫొటోలో తోక పక్కన పొడుచుకొచ్చిన పిర్ర ఎముక నుంచి మేస్త్రీ తూకం గుండు వదిలినట్లు నిలువు గీత ఊహించుకోండి. అది కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే మడమ కీలు వెనుక అంచును తాకుతూ నేలకు దిగాలి. గిట్ట ఆ గీతకు బాగా ముందుకు పోయి కాలు కొడవలిలా వంగి ఉంటే మడమ కీలు మీద భారం ఎక్కువ పడుతుంది. కాలు మరీ కర్రలా నిటారుగా ఉన్నా మంచిది కాదు, అడుగు వేసినప్పటి అదురు కీలుకే తగులుతుంది.

వెనుక ఫొటోలో అదే గీత మడమ మధ్య నుంచి అదే కాలి గిట్ట చీలికకు రావాలి. మడమలు కాస్త లోపలికి ఉంటే పట్టించుకోనక్కరలేదు. అవి ఒకదానికొకటి రాసుకునేంత దగ్గరై, గిట్టలు బయటకు తిరిగి ఉంటే మాత్రం వదిలేయండి. సాళ్ల మధ్య నడిచేటప్పుడు అలాంటి ఎద్దు పత్తి మొక్కలను తొక్కుతుంది.

ఎద్దు ఒక కాలు ముందుకు వేసి నిలబడినా, గడ్డిలో గిట్టలు మునిగినా పై లెక్కలేవీ పనికిరావు. చదునైన నేల మీద నిలబెట్టి, ఫోను పొట్ట ఎత్తులో పట్టుకుని మళ్లీ తీయమనండి. మూపురం ముందు, కాడి ఆనే చోట మెడ గీత ఉబ్బి కనిపిస్తే కాడి వాపు కావచ్చు. వెంట్రుకలు రాలి నున్నగా ఉంటే అది పని చేసిన గుర్తు, దానికి భయం లేదు.

ఫొటోకు దొరకని జబ్బు ఒకటి ఉంది. మా పక్క చేనువారి ఎద్దు నిలబడితే బొమ్మలా ఉండేది. పడుకుని లేచాక నాలుగడుగులు మాత్రం ఒక వెనుక కాలు వెనక్కి బిగుసుకుని, ఒక్కసారిగా ఎగిరేది. మోకాలి చిప్ప పైకి చిక్కుకోవడం వల్ల వచ్చే బాధ ఇది, మన ఎద్దుల్లో తరచుగా కనిపిస్తుంది. పశువైద్యుడు అక్కడి నరంలాంటి కట్టును చిన్న కోతతో తెంచితే సాధారణంగా సరవుతుంది. దీని జాడ ఫొటోలో ఒక్కచోటే దొరకవచ్చు: వెనుక గిట్ట మొన ఈడ్చుకుని అరిగి ఉంటుంది. దగ్గర నుంచి గిట్టల ఫొటో, పడుకున్న ఎద్దు లేచి నడిచే వీడియో అడగండి. పంపడానికి సాకులు చెబితే ధర మాట ఎత్తకండి. పళ్లు మాత్రం మీరే వెళ్లి నోరు తెరిచి చూసుకోవాలి.