పరీక్ష పెద్దాసుపత్రిలో, అద్దాలు షాపులో

ప్రశ్న: మాది గుంటూరు. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 24 వేలు వస్తాయి. బాబుకి తొమ్మిదేళ్లు, మున్సిపల్ స్కూల్లో చదువుతున్నాడు, బోర్డు కనపడటం లేదని టీచర్ చెప్పారు. నాకు 42, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. అత్తయ్యకి షుగర్ ఉంది, చూపు మసకగా ఉందంటున్నారు. కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్ టెస్ట్ ఫ్రీగా చేసి, బాబుకి 2,800, నాకు ప్రోగ్రెసివ్ అద్దాలు 4,500, అత్తయ్యకి 1,900 చెప్పారు. ఆరు నెలల ఈఎంఐ ఇస్తామన్నారు. చీటీ డబ్బుల్లో నా దగ్గర 3,500 ఉన్నాయి. పెద్దాసుపత్రికి వెళ్తే రోజంతా పోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈఎంఐ తీసుకోకండమ్మా. 9,200 రూపాయలు ఆరు నెలలకు అంటే నెలకు 1,533. ఆటో రిపేరుకు వచ్చిన నెలలో ఆ కిస్తీ కట్టడం కష్టం. పైగా షాపువాళ్లు చెప్పిన మూడు జోళ్లలో ఈ రోజు నిజంగా చేయించాల్సింది బాబుది ఒక్కటే. అది కూడా ఆ కంప్యూటర్ చీటీ మీద చేయించొద్దు.

కంటి పరీక్ష ఒక పని, కళ్లజోడు కొనడం ఇంకో పని. షాపులో ఈ రెండూ ఒకే బల్ల దగ్గర జరుగుతాయి కాబట్టి మనకు ఒకటే అనిపిస్తాయి. టెస్ట్‌కి డబ్బు తీసుకోని చోట ఆ ఖర్చు ఫ్రేమ్ ధరలో కలిసే ఉంటుంది. మీరు పరీక్ష పెద్దాసుపత్రి కంటి విభాగంలో చేయించి, పవర్ చీటీ చేతికి తీసుకుని, జోడు మీకు నచ్చిన చిన్న షాపులో చేయించుకోండి.

బాబు విషయంలో దీన్ని ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా ఇంట్లో జరిగింది కాబట్టి. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు ఒక షాపులో మెషిన్ ముందు కూర్చోబెట్టారు. రెండు నిమిషాల్లో మైనస్ 1.75 అని చీటీ వచ్చింది. అదే రోజు 2,400 పెట్టి జోడు చేయించాను. పిల్ల రోజూ సాయంత్రానికి నుదురు పట్టుకుని కూర్చునేది, పుస్తకం తీస్తే జోడు తీసి పక్కన పెట్టేది. కొత్త కదా, అలవాటవుతుందిలే అనుకుని మూడు వారాలు గడిపాను. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్తే చుక్కల మందు వేసి చూసి, ఉన్నది మైనస్ 0.75 మాత్రమే అన్నారు. పోయిన డబ్బు కన్నా ఆ మూడు వారాలు పిల్ల పడ్డ తలనొప్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కారణం డాక్టరు గారు వివరించారు. పిల్లల కంటి లోపలి కండరం చాలా చురుగ్గా ఉంటుంది. మెషిన్‌లో బొమ్మను చూస్తున్నప్పుడు అది బిగుసుకుంటే, లేని సైటు ఉన్నట్టు, ఉన్న సైటు ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. చుక్కలు వేసి ఆ కండరాన్ని కాసేపు నిద్రపుచ్చితేనే అసలు పవర్ తెలుస్తుంది. ఈ చుక్కలు వేసి చూసే పని కంటి విభాగంలో జరుగుతుంది, షాపు బల్ల దగ్గర జరగదు. పెద్దవాళ్లలో ఈ తేడా అంతగా రాదు. ముప్పై ఏళ్ల మనిషికి పాత జోడు విరిగితే, చదువుకున్న ఆప్టోమెట్రిస్ట్ ఉన్న షాపుకి నేరుగా వెళ్లినా ఇబ్బంది లేదు. తొమ్మిదేళ్ల పిల్లాడికి మాత్రం అలా కుదరదు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది, ముందే తెలిస్తే మంచిది. చుక్కలు వేశాక దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి, ఎండ చూడలేరు. మందును బట్టి ఇది ఒక రోజు నుంచి రెండు వారాల దాకా ఉండొచ్చు. ఆ ప్రభావం తగ్గాక మళ్లీ రమ్మని, అక్షరాలు చదివించి, అప్పుడు పవర్ రాసిస్తారు. అంటే బాబుకి రెండు ట్రిప్పులు అనుకోండి. పరీక్షల వారంలో వెళ్లొద్దు. రెండో శనివారం ముందు వచ్చే శుక్రవారం అయితే సెలవు రోజులు కలిసొస్తాయి. టోపీ ఒకటి సంచిలో పెట్టుకోండి.

ఆస్పత్రిలో పరీక్ష ఉచితం. కానీ రోజు కూలీ మీద బతికే ఇంటికి ఆ రోజు ఉచితం కాదు, మీరు భయపడుతున్నదీ దానికే. అందుకే మీ ఆయనను ఓపీ లైన్లో నిలబెట్టొద్దు. ఆయన పొద్దున్నే మిమ్మల్ని ఆటోలో దింపి తన పనికి వెళ్లాలి. మొదటి రోజు మీరు, బాబు, అత్తయ్య ముగ్గురూ కలిసి వెళ్లండి. మీ ఒక రోజు కుట్టుపని 350 పోయిందనుకుందాం, తిండికి, జిరాక్సులకు 150. రెండోసారి బాబుతో వెళ్లినప్పుడు ఇంకో 350. మొత్తం 850. ముగ్గురి కళ్ల పరీక్షకు మీకు పడే అసలు ఖర్చు అది. ఓపీ పొద్దున పూటే కాబట్టి చీటీ రాయించే చోటికి తొందరగా చేరితే మధ్యాహ్నానికి బయటపడే అవకాశం ఉంటుంది.

అత్తయ్య గారిని మొదటి రోజే తీసుకెళ్లమన్నది లైను కలిసొస్తుందని మాత్రమే కాదు. షుగర్ ఉన్నవాళ్లకి చూపు మసకబారితే అది సైటు కావచ్చు, శుక్లం కావచ్చు, కంటి వెనక పొర దెబ్బతినడం కావచ్చు. షాపులోని మెషిన్ పవర్ ఒక్కటే చెబుతుంది, వెనక పొరను చూడదు. ఆస్పత్రిలో కనుపాపను పెద్దది చేసి లోపల చూస్తారు. ఇంకో సంగతి, షుగర్ పైకీ కిందకీ ఊగుతున్నప్పుడు కంటి పవర్ కూడా మారుతూ ఉంటుంది. ఈ వారం చేయించిన జోడు, షుగర్ అదుపులోకి వచ్చాక సరిపోకపోవచ్చు. ఒకవేళ శుక్లం ముదిరిందని తేలితే ప్రభుత్వ ఆస్పత్రిలో ఆపరేషన్ ఉచితంగా చేస్తారు, కానీ ఆపరేషన్ తర్వాత పవర్ పూర్తిగా మారిపోతుంది. ఇప్పుడు 1,900 పెట్టి చేయించిన అద్దాలు అప్పుడు పక్కన పడేయాలి. కాబట్టి లోపల ఏముందో తెలిసేదాకా ఆవిడ జోడు మీద ఒక్క రూపాయి పెట్టకండి. వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టులు, వాడే మందుల చీటీ తీసుకెళ్లండి.

మీకు వచ్చింది చత్వారం. నలభై దాటాక దాదాపు అందరికీ వచ్చేదే. మొదటి రోజు లైన్లో ఉన్నప్పుడే మీ కళ్లు కూడా చూపించుకోండి. దూరపు చూపు బాగానే ఉండి, రెండు కళ్లకూ దగ్గరి పవర్ ఒకటే ఉండి, కంటి వంపు తేడాకి రాసే సిలిండర్ పవర్ లేకపోతే, దూరానికీ దగ్గరకీ ఒకే అద్దంలో చూసుకునే 4,500 ప్రోగ్రెసివ్ మీకు అవసరం లేదు. రెడీమేడ్ రీడింగ్ గ్లాసెస్ చాలు, 200 లోపు దొరుకుతాయి. మీ వయసుకి ప్లస్ 1 దగ్గర ఉండొచ్చు, కానీ చీటీలో ఎంత రాస్తే అంతే తీసుకోండి. కొనేటప్పుడు సూది, దారం వెంట తీసుకెళ్లి, మిషన్ మీద కూర్చుంటే సూది ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో పట్టుకుని ఎక్కించి చూడండి. తర్వాత జోడును చేత్తో ముందుకు చాపి పట్టుకుని, ఏదైనా తలుపు అంచును అద్దంలోంచి చూస్తూ మెల్లగా కదపండి. గీత మధ్యలో విరిగినట్టో వంకర్లు పోయినట్టో కనిపిస్తే ఆ అద్దం బాగోలేదు, ఇంకోటి తీయించండి. రెండు కళ్లకూ వేరు వేరు పవర్ రాస్తే మాత్రం రెడీమేడ్ వద్దు, మామూలు సింగిల్ విజన్ అద్దాలు వేయించుకోండి.

ఇక బాబు జోడు. చీటీ చేతికిచ్చేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ప్లస్, మైనస్ గుర్తులు స్పష్టంగా ఉండాలి. సిలిండర్ రాసి ఉంటే, అది ఏ కోణంలో ఉండాలో చెప్పే యాక్సిస్ అంకె పక్కన తప్పక ఉండాలి. రెండు కనుపాపల మధ్య దూరం, అంటే పీడీ, రాయమని అడగండి. రాయకపోతే షాపులో కొలిపించుకోవాలి, అంచనాగా వేయనివ్వొద్దు. చీటీని అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

షాపులో డబ్బు పెట్టాల్సిన చోటు ఒకటుంది, పాలికార్బొనేట్ అద్దాలు. ఆడుకునేటప్పుడు బంతి తగిలినా పగిలి కంట్లో గుచ్చుకునే ప్రమాదం వీటితో చాలా తక్కువ. నీలి కాంతిని తగ్గిస్తుందని చెప్పే బ్లూ కట్ వద్దనండి, దాని వల్ల కంటికి శ్రమ తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదు. ఫ్రేమ్ చుట్టూ పూర్తిగా అంచు ఉన్న ప్లాస్టిక్‌ది, ముక్కు మీద జారనిది తీసుకోండి. ఎదిగే పిల్లల సైటు ఏడాదిలోపే మారొచ్చు. అప్పుడు ఇదే ఫ్రేమ్‌లో అద్దాలు మాత్రం మార్చుకోవచ్చు. చిన్న షాపులో ఫ్రేమ్ 500, అద్దాలు 800 లోపు బేరం చేయండి, రెండు మూడు చోట్ల అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్లజోడు మీద జీఎస్టీ 5 శాతమే. బిల్లు తీసుకోండి.

ఇంకో దారి కూడా అడిగి చూడండి. స్కూలు పిల్లలకు ఉచితంగా కళ్లజోళ్లు ఇవ్వడం అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమంలో భాగం. స్కూలు హెడ్‌మాస్టర్‌ని, కంటి విభాగంలోనూ అడగండి. వస్తే దాన్ని రెండో జోడుగా ఇంట్లో ఉంచుకోవచ్చు. అది వచ్చేదాకా ఆగి బాబును బోర్డు కనపడకుండా నెలల తరబడి కూర్చోబెట్టకండి.

లెక్క చూస్తే పరీక్షల రోజులకు 850, బాబు జోడుకు 1,300, మీ రీడింగ్ గ్లాసెస్‌కు 200, మొత్తం 2,350. మీ 3,500లో 1,150 మిగులుతుంది. ఆ డబ్బు విడిగా ఒక కవర్లో పెట్టండి. బాబును ఆరు నెలల తర్వాత మళ్లీ చూపించినప్పుడు అద్దాలు మార్చాల్సి వస్తే అందులోంచి తీయండి, లేదా అత్తయ్య గారికి జోడు రాస్తే దానికి వాడండి.

జోడు తీసుకునే రోజు వెంటనే డబ్బు మొత్తం ఇచ్చేయకండి. అద్దాలను పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టి చూపించమని అడిగి, వచ్చిన అంకెలను మీ ఫోన్‌లోని చీటీ ఫొటోతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కుడి కన్ను అద్దం ఎడమకు బిగించడం కూడా జరుగుతుంటుంది. బాబును షాపు బయట నాలుగడుగులు నడిపించండి. నేల వాలుగా ఉన్నట్టు, మెట్టు దగ్గరికి వచ్చినట్టు ఉందంటే ఒకటి రెండు రోజులు చూడొచ్చు. వారం దాటినా తలనొప్పి అంటుంటే జోడునూ చీటీనీ పట్టుకుని కంటి విభాగానికే తిరిగి వెళ్లండి. తప్పు పవర్‌లో ఉందా, అద్దాల బిగింపులో ఉందా వాళ్లు చెబుతారు. బిగింపులో తప్పైతే షాపువాళ్లే ఉచితంగా మార్చివ్వాలి, బిల్లు తీసుకోమన్నది అందుకే.