దుప్పటి కాదు, బెడ్‌షీట్

"సార్, మా బిడ్డ బీఏ తెలుగు పాసైంది. ఆన్‌లైన్ షాపింగ్ కేటలాగ్‌ను ఇంగ్లిష్ నుంచి తెలుగులో రాసే పని నేర్చుకుంటదట, 25 వేలు కట్టి కోర్సులో చేరుతనంటున్నది. బీఎడ్ చెయ్యమంటే వింటలేదు. తెలుగు చదివించి తప్పు చేసినమా?" – ఒక తండ్రి, నకిరేకల్

తప్పేమీ చేయలేదన్నా. ఆ 25 వేలు మాత్రం కట్టకండి. ఈ పనికి సర్టిఫికెట్ కన్నా రాసే నేర్పే ముఖ్యం. నాలుగు వస్తువులిచ్చి రాయమంటారు, అక్కడే తేలిపోతుంది.

ఎలా తేలుతుందో ఒక్క వస్తువుతో చెప్తాను. 'కాటన్ బ్లెండ్ డబుల్ ఫ్లాట్ బెడ్‌షీట్, ఇకత్ ప్రింట్, 2 పిల్లో కవర్స్' అని కేటలాగ్‌లో ఉంది. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి దాన్ని 'పోచంపల్లి ఇక్కత్ కాటన్ డబుల్ దుప్పటి' అని రాసింది. వినడానికి బాగుంది, కానీ మూడు తప్పులున్నాయి. దుప్పటి అంటే మన ఇళ్లలో కప్పుకునేది, ఇదేమో పరుపు మీద పరిచేది. చలికి కప్పుకుందామని కొన్నావిడ పల్చటి బట్ట చూసి వాపసు పంపుతుంది. బ్లెండ్ అంటే కాటన్‌లో వేరే దారం కలిసిందని, వట్టి 'కాటన్' అంటే అబద్ధమవుతుంది. ఇక మూడోది మన ఉమ్మడి నల్గొండ జిల్లా బిడ్డ చేయకూడని తప్పు. ఇక్కత్‌లో దారానికి ముందే ముడులు కట్టి, రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. ప్రింట్ అంటే నేసిన బట్ట మీద అచ్చు, తిప్పి చూస్తే వెనక రంగు వెలిసినట్టుంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు అక్కడి నేతకే చెల్లుతుంది. కేటలాగ్‌లో లేని ఆ పేరు అచ్చు గుడ్డకు తగిలిస్తే మగ్గం మీద కూర్చున్నవాళ్ల కడుపు కొట్టినట్టే.

'డబుల్ బెడ్‌షీట్, 2 దిండు కవర్లు, కాటన్ మిక్స్, ఇక్కత్ డిజైన్ ప్రింట్' అంటే సరిపోతుంది. ఫోన్‌లో టైటిల్ సగంలోనే తెగిపోతుంది కాబట్టి వస్తువు పేరు ముందే రావాలి. 'ఫ్లాట్' అన్న మాటకు కింద పాయింట్లలో 'అంచులకు ఎలాస్టిక్ ఉండదు, పరుపు కిందికి మడుచుకోవాలి' అని విప్పి చెప్పాలి. కొలతల గడిలో 90 x 100 అంగుళాలు అని ఉంటే అంకె మార్చొద్దు, అడుగుల్లోకి తిప్పొద్దు. టైటిల్‌లో కాటన్ బ్లెండ్ ఉండి మెటీరియల్ గడిలో పాలిస్టర్ అని ఉంటే సొంతంగా తేల్చకుండా పని ఇచ్చినవాళ్లను అడగాలి.

ఈ పని మీద నాకూ ఒక అనుమానముంది. వస్తువుకింత, మాటకింత అని డబ్బులిస్తారు. కేటలాగ్ అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. దీని మీదే బతుకు పెట్టుకోమని నేను చెప్పను. బీఎడ్ చదువుతూ కూడా చేసుకోవచ్చు. కానీ అన్నా, 'చెయ్యమంటే వింటలేదు' అన్నారు కదా, ఆమె రాసింది ఒక్కసారైనా మీరు చదివారా? తెలుగు చదివి చెడిపోయిందన్నట్టు ఇంట్లో మాట్లాడితే ఏ పిల్లైనా ఎవరో చూపించిన కోర్సు వైపే పరుగెత్తుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో ఉన్న కుక్కర్, మిక్సీ, ఫ్లాస్క్ పెట్టెల మీది ఇంగ్లిష్‌ను తెలుగులో రాయమనండి. పెట్టెలు దాచి, రాసింది మాత్రం వాళ్లమ్మకు చదివి వినిపించమనండి. పెట్టెలో ఏముంటుందని ఆమె చెప్తుందో, విప్పితే అదే ఉంటే, ఆ మూడూ నాకు పంపండి.