తెలుగోదయమా? తెలుగుదయమా?

సందేహం: నేను రిటైరైన తెలుగు టీచర్ని. వ్యాకరణ పాఠాలతో యూట్యూబ్ చానల్ పెడుతున్నాను. మా మేనల్లుడు “తెలుగోదయం అని పెట్టత్తా, సూర్యోదయంలా బావుంటుంది” అన్నాడు. “తప్పురా, ఉత్వసంధి చేసి తెలుగుదయం అనాలి” అన్నాను. “అప్పుడు తెలుగు దయ అని చదువుతారు కదత్తా” అంటాడు. ఏది ఒప్పు?

సమాధానం: అమ్మా, సూత్రం మీ వైపుంది. చదివేవాళ్ల చూపు మాత్రం మీ మేనల్లుడి వైపుంది.

ముందు “తెలుగోదయం” సంగతి. సూర్య + ఉదయం అన్నప్పుడు “ర్య”లో అకారం ఉంది. అకారం తర్వాత ఉకారం వస్తే రెండూ కలిసి ఓకారమవుతాయి. గుణసంధి అంటే అదే. చంద్రోదయం, అరుణోదయం అలా వచ్చినవే. “తెలుగు” చివర ఉన్నది గుకారం, అక్కడ అకారమే లేదు. పోనీ, తెలుగును సంస్కృత పదమే అనుకుందాం. అప్పుడూ ఓకారం రాదు. భాను + ఉదయం భానూదయం అయినట్టు, సవర్ణదీర్ఘంతో “తెలుగూదయం” కావాలి. అంటే ఏ దారిన వెళ్లినా “తెలుగోదయం” కుదరదు. సూర్యోదయం, చంద్రోదయం వినీ వినీ “ఓదయం” అనే ముక్క విడిగా ఉన్నట్టు చెవికి అలవాటైంది. మీ మేనల్లుడు దాన్నే తెచ్చి అతికించాడు.

ఇక మీ మాట. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యమని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెబుతుంది కాబట్టి “తెలుగుదయం” శాస్త్రానికి సరిపోతుంది. కానీ పేరు ఒక్క చూపులో తెలియాలి. “గుద” కలిసిపోయి “ఉదయం”లోని ఉకారం కనబడకుండా పోయింది, అందుకే అతనికి దయ కనిపించింది. ఇలాంటి చోట పేర్లలో సంధి చేయకుండా విడదీసి రాయడం మనకు అలవాటే. 1968లో ఏర్పడిన సంస్థను “తెలుగు అకాడమి” అనే రాస్తాం. “తెలుగకాడమి” అని ఎవరూ రాయరు. కనుక “తెలుగు ఉదయం” అని రెండు మాటలుగా రాస్తే నేను తప్పు పట్టను.

ఓకారమే కావాలని అతను పట్టుబడితే “ఆంధ్రోదయం” నిర్దోషం, ఆంధ్ర శబ్దం అకారాంతం కదా. అయితే 2014 తర్వాత ఆ మాట వినగానే చాలామందికి భాష కన్నా రాష్ట్రమే ముందు గుర్తొస్తుంది. తెలంగాణ పిల్లలకూ పాఠం చెప్పే చానల్‌కి ఆ పేరు పెట్టవద్దనే నా సలహా.

నన్నడిగితే “ఉదయం” బదులు “వేకువ” తీసుకోండి. “తెలుగు వేకువ”లో రెండూ మన మాటలే. రెండోది హల్లుతో మొదలవుతుంది కాబట్టి ఉత్వసంధి ప్రసక్తే లేదు. నోటితో ఎంత వేగంగా అన్నా ఒక అక్షరం ఇంకోదాన్ని మింగదు. విన్నవాళ్లు విన్నట్టే టైపు చేసి వెతుక్కోవచ్చు.