అందరూ 90 అందుకున్నా కొందరికి ఎర్ర లైటు ఎందుకు వస్తోంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాకు ఆరు బ్రాంచీలు. ఈ నెల వసూళ్లు కూకట్‌పల్లి 98%, దిల్‌సుఖ్‌నగర్ 95%, ఉప్పల్ 94%, మెహదీపట్నం 92%, సికింద్రాబాద్ 91%, ఎల్బీనగర్ 90%. 90 నుంచి పచ్చ, 80 నుంచి పసుపు, ఆ కింద ఎరుపు రావాలని సార్ చెప్పారు. ఎక్సెల్‌లో సిగ్నల్ లైట్లు పెడితే చివరి మూడింటికీ ఎరుపు వస్తోంది. ఈ హద్దులు నెలనెలా మారొచ్చు. కొత్త బ్రాంచీకైతే హద్దే వేరు. ఎలా చేయాలి?

జవాబు:

మీ అంకెల్లో తప్పేమీ లేదు. ఈ సిగ్నల్ లైట్లను ఎక్సెల్‌లో ఐకాన్ సెట్ అంటారు. అది పెట్టగానే ఎక్సెల్ తనంతట తాను 67, 33 అని హద్దులు వేసుకుంటుంది. వాటి పక్కన Type దగ్గర Percent అని ఉంటుంది. దాన్ని చూసి 67 శాతం దాటితే పచ్చ అనుకుంటాం. ఎక్సెల్ లెక్క అది కాదు. కాలమ్‌లో అన్నిటికంటే చిన్న అంకె నుంచి అన్నిటికంటే పెద్ద అంకె దాకా ఎంత దూరం ఉందో చూసి, ఆ దూరంలో నూటికి 67 వంతుల దగ్గర ఒక గీత, 33 వంతుల దగ్గర ఇంకో గీత గీస్తుంది.

మీ అంకెలతోనే చూడండి. చిన్నది 90, పెద్దది 98, మధ్య దూరం 8. అందులో 67 శాతం 5.36 కాబట్టి పచ్చ గీత 95.36 దగ్గర పడింది. 33 శాతం 2.64, అంటే పసుపు గీత 92.64 దగ్గర. ఆ లెక్కన కూకట్‌పల్లి ఒక్కటే పచ్చ. 95, 94 వచ్చినవి పసుపు, మిగతా మూడూ ఎరుపు. మీకు కనిపిస్తున్నది ఇదే.

ఇప్పుడు కూకట్‌పల్లి సెల్‌లో 98 తీసి 93 కొట్టి చూడండి. పెద్ద అంకె 95 అవుతుంది, గీతలు 93.35కి, 91.65కి దిగుతాయి. మెహదీపట్నం 92 అలాగే ఉన్నా ఎరుపు పోయి పసుపు వస్తుంది. ఒక సెల్ మారిస్తే వేరే సెల్ రంగు మారిందంటే ఆ రూల్ Percent మీదో Percentile మీదో నడుస్తోందని గుర్తు. రెండూ పక్కవాళ్లతో పోల్చి రంగు ఇచ్చేవే. టార్గెట్ చూపించడానికి రెండూ పనికిరావు.

బాలానగర్‌లో ఒక విడిభాగాల యూనిట్‌లో పనిచేసేటప్పుడు ఇది నాకు గట్టిగా తగిలింది. సప్లయర్లు సరుకు టైముకు ఇస్తున్నారా లేదా అన్న షీటు నేనే చేసేదాన్ని. సోమవారం మీటింగులో 91 వచ్చిన ఒకాయనకు ఎర్ర లైటు పడింది, అందరి ముందూ మాట పడ్డారు. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చి, "అమ్మా, పోయిన నెల కూడా 91కే పసుపు ఇచ్చారు కదా, ఈ నెల నేనేం తప్పు చేశాను?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. ఆ నెల ఇంకొకరికి 99 వచ్చింది, అంతే. ఆ మాట నేను ఈ రోజుకీ మర్చిపోలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సరిచేసే పద్ధతి ఇది. షీటులో పక్కన H1లో 90%, H2లో 80% రాసుకోండి. కాలమ్ సెలెక్ట్ చేసి Home > Conditional Formatting > Manage Rules లోకి వెళ్లి, ఉన్న రూల్ మీద Edit Rule నొక్కండి. ముందు రెండు Type లనూ Number చేయండి, ఆ తర్వాత పచ్చ దగ్గర Value లో ఇది కొట్టండి:

```
=$H$1
```

పసుపు దగ్గర `=$H$2`. ఇక వచ్చే నెల సార్ 92 అంటే H1 మారిస్తే చాలు, రూల్ తెరవక్కర్లేదు. ఇక్కడ ఒక చోట జాగ్రత్త. సెల్‌లో 92% అని కనిపిస్తున్నా లోపల ఉన్నది 0.92. H1, H2 రెండిటిలోనూ శాతం గుర్తు లేకుండా ఉత్త 90, 80 అని ఉంటే ఎవరూ వాటిని చేరుకోలేరు, కాలమ్ మొత్తం ఎర్రబడుతుంది. అన్నీ ఒకేసారి ఎరుపైతే ముందు చూడాల్సింది ఇదే.

కొత్త బ్రాంచీకి హద్దు వేరన్నారు కదా, అసలు చిక్కు అక్కడుంది. ఐకాన్ సెట్ రూల్‌లో డాలర్ గుర్తులు లేని `=C2` లాంటిది కొడితే ఎక్సెల్ ఒప్పుకోదు. అందుకని మొదట్లో నేను ఒక్కో వరుసకు ఒక్కో రూల్ పెట్టాను. కొత్త సప్లయర్ కోసం పై వరుసను కాపీ చేస్తే, ఆ రూల్ పాత వరుస హద్దునే పట్టుకుని వచ్చేది. ఆ దారిలో వెళ్లకండి. పోల్చే పని ఫార్ములాకు వదిలేసి, ఐకాన్‌కు 3, 2, 1 మాత్రం ఇవ్వండి. B లో వసూలు, C లో ఆ బ్రాంచీ పచ్చ హద్దు, D లో పసుపు హద్దు ఉంటే, E2లో:

```
=IF(B2="","",IF(B2>=C2,3,IF(B2>=D2,2,1)))
```

దీన్ని కిందికి లాగి, ఐకాన్ సెట్‌ను E కాలమ్‌కు పెట్టండి. Type రెండూ Number, విలువలు 3, 2. Show Icon Only కి టిక్ పెడితే అంకె కనిపించదు, లైటు మాత్రం ఉంటుంది. లెక్క ఇంకా రాని బ్రాంచీకి లైటే రాదు. దానికి ఎరుపు ఇవ్వడం అన్యాయం కాబట్టి ఖాళీ సెల్ సంగతి ఫార్ములాలో మొదటే పెట్టాను. B లో ఎక్కడైనా `#DIV/0!` ఉంటే మాత్రం E లో కూడా అదే వస్తుంది, అప్పుడు ఆ ఒక్క వరుసకే కాదు, కాలమ్ మొత్తానికీ ఐకాన్లు మాయమవుతాయి. లైట్లన్నీ ఉన్నట్టుండి పోతే ఆ ఎర్రర్ ఎక్కడుందో వెతకండి.

89.6 వచ్చిన బ్రాంచీ సెల్‌లో 90% అని కనిపించి పక్కన పసుపు పడితే గొడవ వస్తుంది. కొందరు ROUND పెట్టి పచ్చ చేసేస్తారు. నేనైతే చేయను. ఒక దశాంశం కనిపించేలా సెల్ ఫార్మాట్ మారుస్తాను, అప్పుడు 89.6 అని అందరికీ కనిపిస్తుంది, ఇక వాదన ఉండదు.

షీటు జిరాక్స్ తీసి పంచే అలవాటుంటే 3 Traffic Lights వాడకండి. నలుపు తెలుపులో మూడూ ఒకేలాంటి గుండ్రాలే. 3 Signs లో పచ్చకు గుండ్రం, పసుపుకు త్రికోణం, ఎరుపుకు డైమండ్ ఉంటాయి. రంగు లేకపోయినా, ఎరుపు పచ్చ తేడా కంటికి ఆననివాళ్లకైనా ఆకారం తెలుస్తుంది.